ఇన్‌స్టాగ్రామ్‌లో మా దుకాణం పేరు మాకు ఎలా దక్కింది

శ్రీకాకుళంలో మాకు చేనేత బట్టల దుకాణం ఉంది. అమ్మమ్మ పేరులోని మొదటి సగాన్నీ తాతయ్య పేరులోని చివరి సగాన్నీ కలిపి నాన్న ఆ దుకాణానికి పేరు పెట్టారు. 1998 నుంచి బిల్లు పుస్తకాల మీద, సంచుల మీద, బోర్డు మీద అదే పేరు ఉంది. ఫేస్‌బుక్ పేజీ తెరిచినప్పుడు ఆ పేరే దొరికింది. ఇన్‌స్టాగ్రామ్‌కు వెళ్ళేసరికి మాత్రం అది వేరొకరి చేతిలో ఉంది. చేసేది లేక చివర ఒక అండర్‌స్కోర్ తగిలించి ఖాతా తెరిచాం.

కొన్నాళ్ళు అది పెద్ద ఇబ్బంది అనిపించలేదు. పెళ్ళిళ్ళ కాలంలో అసలు సంగతి బయటపడింది. మా దగ్గర పొందూరు పంచెలు, చీరలు కొన్నవాళ్ళు ఫోటోలు పెట్టి మమ్మల్ని ట్యాగ్ చేస్తున్నామని చెప్పేవారు. మాకు ఒక్కటీ కనిపించేది కాదు. అండర్‌స్కోర్ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ట్యాగులన్నీ ఆ రెండో ఖాతాకు చేరుతున్నాయి. విశాఖపట్నం నుంచి ఒకావిడ ఆ ఖాతాకే చీర ఆర్డరు పంపి, జవాబు రాలేదని మా దుకాణానికి ఫోన్ చేసి కోప్పడ్డారు.

ఆ ఖాతా తెరిచి చూశాను. మూడే ఫోటోలు ఉన్నాయి. మూడూ మా ఫేస్‌బుక్ పేజీ నుంచి తీసినవి. ఒకదాంట్లో మా దుకాణం అద్దాల బీరువా కూడా కనిపిస్తోంది. ప్రొఫైల్ పేజీలో పైనున్న పేరును నొక్కితే ‘ఈ ఖాతా గురించి’ అనే సమాచారం వస్తుంది. ఖాతా ఏ నెలలో, ఏ ఏడాదిలో మొదలైందో, ఏ దేశం నుంచి నడుస్తోందో, ఇంతకుముందు ఎన్నిసార్లు పేరు మార్చుకుందో అక్కడ తెలుస్తుంది. ఈ ఖాతా 2019లో మొదలైంది. పేరు కూడా అంతకుముందు ఒకటికి మించి సార్లు మారింది. అంటే మా పేరు కోసం పుట్టిన ఖాతా కాదది. వేరే పేర్లు వాడి చివరికి మా పేరు దగ్గర ఆగింది. ఇలాంటి వివరం కనిపిస్తే రాసి పెట్టుకోవాలి. పేరు పట్టుకుని కూర్చున్నవాడిని, నిజంగా ఆ పేరున్న మనిషిని వేరు చేసి చూపే గుర్తుల్లో ఇదొకటి.

ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ లాంటి వేదికలు వాడుకదారుల సాయం కోసం పెట్టిన పేజీలు చదివాను. వాటిలో ఏ వేదికా అప్పట్లో ‘ఖాతా వాడకంలో లేకపోతే పేరు మీకు ఇస్తాం’ అని చెప్పలేదు. మీరు కోరుకున్న పేరు వాడకంలో లేనట్టు కనిపించే ఖాతా దగ్గర ఉంటే, చుక్కో అంకెనో అండర్‌స్కోరో చేర్చి ఇంకో పేరు ఎంచుకోమని ఇన్‌స్టాగ్రామ్ సూచిస్తుంది. ముప్ఫై రోజులకు ఒకసారైనా లాగిన్ కావాలని ఎక్స్ తన వాడుకదారులకు చెబుతుంది కానీ, అంతకు మించి మౌనంగా ఉన్న ఖాతా పేరును అడిగినవారి చేతిలో పెడతానని అప్పట్లో మాట ఇవ్వలేదు. ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్ మరీ స్పష్టంగా చెబుతుంది: అన్ని పనులూ బయటకు కనిపించవు, కాబట్టి ఖాళీగా ఉన్నట్టు కనిపించేది నిజంగా ఖాళీ కాకపోవచ్చు.

ఈ చివరి మాట చాలా సబబైనది. ఆ మూడు ఫోటోల ఖాతాకు మర్యాదగా ఒక సందేశం పెట్టాను. ఈ పేరు మా దుకాణానిది, మీరు వాడటం లేదనిపిస్తోంది, వదులుకోగలరా అని అడిగాను. ఏళ్ళుగా కొత్త ఫోటో లేని ఆ ఖాతా నుంచి మరునాడే జవాబు వచ్చింది. పేరు కావాలంటే ఇరవై ఐదు వేలు పంపమన్నారు.

ఆ సందేశం చూసి నాన్న, ‘ఇచ్చేద్దాం, పోనీ. ఒక పట్టు చీర ఖరీదు. ఈ తలనొప్పి ఉండదు’ అన్నారు.

‘ఇచ్చాక పేరు మన చేతికి వస్తుందని ఏమిటి నమ్మకం, నాన్నా? వాళ్ళు పేరు వదిలిన క్షణంలో ఇంకెవరైనా పట్టుకోవచ్చు. పైగా ఖాతాలు కొనడం, అమ్మడం రెండూ ఆ వేదిక నియమాలకు విరుద్ధం. రేపు తగాదా వస్తే మనం కూడా తప్పు చేసినవాళ్ళమే అవుతాం’ అన్నాను.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు మార్చుకున్నవారు చాలా సందర్భాల్లో పద్నాలుగు రోజుల దాకా పాత పేరుకు వెనక్కి వెళ్ళవచ్చు. అంటే డబ్బు తీసుకుని పేరు వదిలినవాడు తర్వాత మనసు మార్చుకునే వీలు కూడా ఉందన్నమాట. నాన్నను ఒప్పించింది ఈ ఒక్క వివరమే. ఆయన వ్యాపారి, వెనక్కి తీసుకోగలిగే సరుకుకు ముందుగా డబ్బు చెల్లించరు.

విజయనగరంలో ఒక పరిచయస్థుడు, లోపల తెలిసినవాళ్ళున్నారు, వారంలో పని చేయిస్తానని ముందుకు వచ్చాడు. మా ఖాతా పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలన్నాడు. వేరొకరి దగ్గరున్న పేరు విడిపించడానికి మా ఖాతా ఓటీపీతో పనేముంటుంది? ఎవరైనా ఇది అడిగితే అక్కడితో మాట ఆపేయాలి. ఉన్న ఖాతా కూడా పోతుంది.

ఇక మిగిలిన దారులు మూడు. ఒకటి, మా ఫోటోలు దొంగిలించారని కాపీరైట్ ఫిర్యాదు. రెండు, మా దుకాణంలా నటిస్తున్నారని ఫిర్యాదు. మూడు, ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ ఫలితాలు వేరు. కాపీరైట్ ఫిర్యాదు నెగ్గితే ఆ ఫోటోలు పోతాయి, పేరు మాత్రం అక్కడే ఉంటుంది. నటన ఫిర్యాదు నెగ్గితే ఖాతా మొత్తం పోవచ్చు. కానీ నియమాలు ఉల్లంఘించినందుకు తొలగించిన ఖాతా పేరుతో మళ్ళీ నమోదు కావడం కుదరకపోవచ్చని ఇన్‌స్టాగ్రామే చెబుతుంది. దొంగను పట్టుకోబోయి ఇంటికి తాళం వేసుకున్నట్టు అవుతుంది. పేరు గురించి నేరుగా మాట్లాడే దారి ట్రేడ్‌మార్క్ ఒక్కటే. మేధోసంపత్తికి భంగం కలిగించే పేరును మార్చే అధికారం తమకుందని ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల్లోనే ఉంది.

విశాఖపట్నంలో ట్రేడ్‌మార్కుల పని చూసే న్యాయవాది దగ్గరకు నాన్నను తీసుకువెళ్ళాను. ఆవిడ మా కాగితాలు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, పేరులో ఊరి పేరు గానీ ఖాదీ అన్న మాట గానీ ఉందా అని. లేదన్నాం. ‘అయితే పని సులువు’ అన్నారు. కారణం వివరించారు. సరుకు ఎక్కడిదో చెప్పే మాటలు, సరుకు ఏమిటో చెప్పే మాటలు మాత్రమే ఉన్న పేరును 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని తొమ్మిదో సెక్షన్ మామూలుగా నమోదు కానివ్వదు. పొందూరులో నేసేవారందరిదీ అయిన మాటను ఒక్క దుకాణం సొంతం చేసుకోకూడదు, అది న్యాయమే. ఖాదీ అన్న మాటకైతే ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తనకే ట్రేడ్‌మార్క్ నమోదులు ఉన్నాయని చెప్పి, అనుమతి లేకుండా వాడినవారి మీద కోర్టులకు కూడా వెళ్ళింది. కాబట్టి మన జిల్లాలో ఊరి పేరు, ఖాదీ కలిపి దుకాణానికి పేరు పెట్టుకున్నవారికి ఆ పేరు ఇంకొకరి ఖాతా దగ్గర ఉంటే, దాన్ని ట్రేడ్‌మార్క్ దారిలో విడిపించుకోవడం దాదాపు జరగని పని. మా పేరు ఇద్దరు మనుషుల పేర్ల ముక్కలతో కొత్తగా పుట్టింది. దానికి బట్టలతో సంబంధమున్న అర్థం ఏదీ లేదు. అదే మా బలమైంది.

దరఖాస్తు ఫారం పేరు TM-A. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు సరుకుల ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. బట్ట, వస్త్రం 24వ తరగతిలోకి వస్తాయి, చీరలూ తొడుక్కునే దుస్తులూ 25వ తరగతిలోకి వస్తాయి. రెండింటికీ వేశాం. దుకాణం నాన్న పేరు మీద ఉంది కాబట్టి దరఖాస్తుదారు ఆయనే. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి, అయినా పనంతా ఆన్‌లైన్‌లోనే కనుక అక్కడికి వెళ్ళే అవసరం రాలేదు. ఫారంలో ఈ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారని అడుగుతారు. పాత తేదీ రాస్తే అఫిడవిట్, దానికి రుజువులు జత చేయాలి. అటక మీద పెట్టెలో అమ్మ దాచిన పాత బిల్లు పుస్తకాలు అప్పుడు కిందికి దిగాయి. 1998 నాటి నకలు బిల్లు ఒకటి, పాత పత్రికా ప్రకటన ఒకటి, అమ్మకపు పన్ను కాగితం ఒకటి. 2019లో పుట్టిన ఖాతా ముందు ఈ కాగితాల విలువ ఎంతో అప్పుడు మాకు తెలిసింది.

ఇదే పేరుకు దగ్గరగా ఇంకో మార్కు ఉందంటూ రిజిస్ట్రీ పంపిన పరీక్ష నివేదికలో అభ్యంతరం వచ్చింది. ముప్ఫై రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. ఆ రెండో మార్కు వేరే సరుకులదని చూపించి లాయరు గారు జవాబు వేశారు, రిజిస్ట్రీ ఒప్పుకుంది. తర్వాత ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురణ, దాని మీద ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు. ఎవరూ రాలేదు. పత్రం చేతికి వచ్చేసరికి ఏడాది దాటింది. అది పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. నమోదు పూర్తి కాకముందు పేరు పక్కన చిన్న TM అని వేసుకోవచ్చు గానీ, గుండ్రటి R గుర్తు వేయకూడదు. నమోదు కాని మార్కును నమోదైనదిగా చూపడానికి చట్టం ఒప్పుకోదు. మా సంచులు అచ్చు వేసే ఆయన అందం కోసం ముందే ఆ గుర్తు పెట్టబోతే ఆపాను.

ఈ ఏడాదిలో మేము ఊరికే కూర్చోలేదు. లాయరు గారు మొదటి రోజే ఒక మాట చెప్పారు: ‘ఆ ఫోటోల మీద ఇప్పుడే కాపీరైట్ ఫిర్యాదు చేయకండి. అవి తీసేస్తే మీ కేసులో మిగిలేది ఖాళీ ఖాతా. ఖాళీ ఖాతా మీ కొనుగోలుదారులను ఏ రకంగా తికమకపెడుతోందని చూపిస్తారు?’ ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు నిలబడేది తికమక మీదే. అదే పేరు వేరే పనికి వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. మా పేరుతో ఎవరైనా వంటల వీడియోలు పెట్టి ఉంటే మేము చేయగలిగింది ఏమీ లేదు. మా పేరుతో, మా చీరల ఫోటోలతో ఉన్నారు కాబట్టే కేసుంది. అందుకని ఆ ఖాతా పేజీని, మూడు ఫోటోలను, వాటిని మేము అంతకుముందే ఫేస్‌బుక్‌లో పెట్టిన తేదీలను, డబ్బు అడిగిన సందేశాన్ని తేదీ, చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాం. కొన్నవారు పొరపాటున ఆ ఖాతాను ట్యాగ్ చేసిన ఫోటోలు వారి అనుమతితో సేకరించాం. విశాఖపట్నం ఆవిడ తాను పంపిన ఆర్డరు సందేశాన్ని కూడా ఇచ్చారు. నా దృష్టిలో మొత్తం ఫైలులో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

పత్రం వచ్చాక ఇన్‌స్టాగ్రామ్ ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు ఫారం నింపాం. హక్కుదారు గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ మాత్రమే దాన్ని వేయాలి. మార్కు ఏమిటి, నమోదు సంఖ్య ఎంత, ఏ దేశంలో నమోదైంది, ఏ సరుకులకు, ఫిర్యాదు ఏ ఖాతా మీద అన్నవి అడుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫిర్యాదు చేసినవారి పేరు, ఈమెయిలు, ఫిర్యాదులోని విషయం ఎదుటివారికి చేరవచ్చని ఫారంలోనే చెబుతారు. ఇంటి చిరునామా, సొంత ఈమెయిలు ఇవ్వకుండా దుకాణం చిరునామా, దుకాణం ఈమెయిలు ఇచ్చాం.

వివరణ రాసే పెట్టె దగ్గర చాలామంది తమ బాధ రాస్తారు. ‘ఇన్నేళ్ళ పేరు, అన్యాయం జరిగింది’ అని. చదివే ఉద్యోగికి దాంతో ఏ నిర్ణయమూ చేయడం కుదరదు. మేము రాసింది ఇంతే: ఈ సంఖ్యతో నమోదైన మార్కు మాది, 1998 నుంచి బట్టలకు వాడుతున్నాం, ఈ ఖాతా అదే పేరుతో బట్టల ఫోటోలు చూపిస్తోంది, అవి మా పేజీలోనివి, కొనుగోలుదారులు దాన్ని మాదే అనుకుని ట్యాగ్ చేశారు, ఆర్డరు పంపారు, పేరును డబ్బుకు అమ్ముతామని ఖాతాదారు రాశారు. చివర ఒక విన్నపం కూడా పెట్టాం. ఖాతాను తొలగించడం మా కోరిక కాదు, పేరును విడిపించి మా ప్రస్తుత ఖాతాకు ఇవ్వమని అడుగుతున్నాం అని, మా అండర్‌స్కోర్ ఖాతా పేరు రాశాం. ఫారంలో అడగకపోయినా ఇది రాయడం మంచిదని నా అభిప్రాయం. లేకపోతే పేరు ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉంటుంది.

ఇంకొంత సమాచారం కావాలని జవాబు వచ్చింది. కొత్త ఫిర్యాదు వేయకుండా అదే మెయిలుకు జవాబుగా నమోదు పత్రం ప్రతిని, ట్యాగుల స్క్రీన్‌షాట్లను పంపాం. కొత్తది వేస్తే ముందు పంపిన వివరాలు దానితో కలవకపోవచ్చు. కొన్నాళ్ళకు ఆ ఖాతాకు పేరు స్థానంలో అక్షరాలు, అంకెల వరుస కనిపించింది. పేరు ఖాళీ అయిందని మెయిలు వచ్చింది. నాన్న కౌంటరు దగ్గర లెక్కలు చూసుకుంటుండగా ఆయన ఫోనులోనే పేరు మార్చాను.

అప్పుడు ఇంకో చిక్కు ఎదురైంది. సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అండర్‌స్కోర్ ఉన్న పాత పేరు అచ్చయి ఉంది. దాన్ని వదిలేస్తే రేపు అదే పేరుతో మరొకరు మొదలుపెట్టవచ్చు. అందుకని పాత పేరు అందుబాటులోకి రాగానే వేరే ఈమెయిలుతో ఇంకో ఖాతా తెరిచి, ఆ పేరు పెట్టి, మేము ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పే ఒక్క ఫోటో ఉంచాం. దాన్ని ఊరికే దాచుకోవడం లేదు, వచ్చినవారికి దారి చూపిస్తోంది. అచ్చు వేసిన సంచులు అయిపోయాక దాన్ని మూసేస్తాం.

ఇన్‌స్టాగ్రామ్ పేరు దక్కడంతో టెలిగ్రామ్ సంగతి తేలికైపోయింది. అక్కడ మా పేరును ఒక ఖాళీ ఛానెల్ పట్టుకుని ఉంది. ఈ విషయంలో టెలిగ్రామ్ విధానం మిగతావాటికంటే ఉదారంగా ఉంటుంది. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ మూడింటిలో కనీసం రెండు చోట్ల అదే పేరు మీదని చూపిస్తే, ఆ పేరు ఇప్పించడానికి ప్రయత్నిస్తుంది. వాడకంలో లేని ఛానెళ్ళ, తమంతట తామే జవాబిచ్చే బాట్‌ల పేర్లను వెనక్కి తీసుకునే హక్కు తమకుందని కూడా చెబుతుంది. ట్రేడ్‌మార్క్ కూడా అక్కర్లేదు. @Username_bot అనే బాట్‌కు అడిగిన వివరాలు ఇవ్వాలి. అంతకుముందు మాకు ఫేస్‌బుక్ ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు అయ్యాయి. పేరు వచ్చింది. అయితే ఇక్కడ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో చుక్క పెట్టుకోవచ్చు, టెలిగ్రామ్‌లో, ఎక్స్‌లో చుక్క కుదరదు. ఎక్స్‌లో పదిహేను అక్షరాలు దాటకూడదు. అన్ని చోట్లా సరిపోయే రూపం మొదట్లోనే ఎంచుకుంటే ఈ రెండు చోట్ల నియమం పనికి వస్తుంది.

ఎక్స్‌లో మా పేరు ఇప్పటికీ మాది కాదు. అక్కడ అది ఒక యువతి దగ్గర ఉంది. 2013 తర్వాత ఆమె ఏమీ రాయలేదు. పాత రాతలన్నీ కాలేజీ, స్నేహితులు, క్రికెట్. మేము రెండు పేర్లు కలిపి కట్టుకున్న మాట యాదృచ్ఛికంగా ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు. చీరలు అమ్మడం లేదు, డబ్బు అడగడం లేదు, మాలా నటించడం లేదు. ట్రేడ్‌మార్క్ పత్రం చేతిలో ఉంది కదా అని చిన్నాన్న అక్కడ కూడా ఫిర్యాదు వేయమన్నారు.

‘ఆ పత్రం బట్టలకు, చిన్నాన్నా. ఆ అమ్మాయి పేరుకు కాదు’ అన్నాను.

ఆమెకు ఒక సందేశం పంపాను, జవాబు రాలేదు. రెండోసారి పంపలేదు. ఎక్స్‌లో మేము పేరు చివర ఊరి పేరులోని రెండు అక్షరాలు చేర్చుకుని నడుపుతున్నాం.